సగం గుడ్లే పగిలే దోమలు

ఢిల్లీ విమానాశ్రయానికి పడమటి వైపు, ద్వారక ఉపనగరం అంచున ధూల్‌సిరస్ అని ఒక ఊరుంది. ఇప్పుడు చుట్టూ భవంతులు లేచాయి కానీ 1970ల మొదట్లో అది పొలాల మధ్య ఉన్న పల్లె. బావులు, మురుగు కుంటలు, వాటి నిండా క్యూలెక్స్ దోమలు ఉండేవి. మన కోస్తా జిల్లాల్లో తరతరాలుగా బోదకాలు మోసుకొచ్చిన దోమ అదే. ఆ ఊళ్లోకి శాస్త్రవేత్తలు మగదోమలను పెంచి తెచ్చి వదిలారు. మగదోమ కుట్టదు కాబట్టి ఊరివాళ్లకు కొత్త బాధేమీ లేదు. ఆ మగదోమల కణాల్లో మాత్రం రెండు క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి తారుమారై ఉన్నాయి. అలాంటి దోమకు పుట్టే గుడ్లలో దాదాపు సగం పగలవు.

క్రోమోజోముల ముక్కలు ఇలా చోటు మారడాన్ని స్థానమార్పిడి అంటారు. ఒకే క్రోమోజోములో ఒక ముక్క తలకిందులుగా అతుక్కుంటే విలోమం. రెంటిలోనూ జన్యువులేవీ పోవు. అందుకే మోస్తున్న జీవి పైకి ఆరోగ్యంగానే ఉంటుంది, తేడా సంతానం దగ్గర తెలుస్తుంది. శుక్రకణాలూ అండాలూ తయారయ్యే క్షయకరణ విభజనలో ఈ క్రోమోజోములు శిలువలుగా, వలయాలుగా, ఒక్కోసారి పెద్ద గుండ్రాలుగా కనిపిస్తాయి. ఈ ఆకారాల్లో రికార్డులనదగ్గవి కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు ఢిల్లీ చుట్టుపక్కలవే.

మూడు జతల్లో రెండు జతలు పట్టే శిలువ

దోమకు ఉన్నవి ఆరే క్రోమోజోములు, అంటే మూడు జతలు. మనిషికి ఇరవై మూడు జతలు. మనిషిలో ఒక స్థానమార్పిడి జరిగితే ఇరవై మూడు జతల్లో రెండే చిక్కులో పడతాయి. దోమలో అదే జరిగితే ఉన్న మూడింట రెండు జతలు ఒకే చిక్కులోకి వస్తాయి. దోమ వృషణాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే మొత్తం జన్యు సంపదలో ఇంత పెద్ద వాటాను ఒకే శిలువలో చూడవచ్చు.

శిలువ ఎందుకు వస్తుందో చూడాలంటే నాలుగు చీరలు చాలు. రెండు ఎర్రవి, రెండు పచ్చవి. ఒక ఎర్రచీర కొంగునూ ఒక పచ్చచీర కొంగునూ కత్తిరించి, దీని కొంగు దానికీ దాని కొంగు దీనికీ కుట్టారనుకోండి. మిగిలిన ఎర్రచీర, పచ్చచీర మామూలుగానే ఉన్నాయి. ఇప్పుడు నాలుగింటినీ ప్రతిచోటా రంగు మీద రంగు పడేలా పరచమంటే జంటలుగా పరచలేరు. ఎర్ర ఒళ్లు రెండూ ఒక దిక్కున, పచ్చ ఒళ్లు రెండూ ఎదురు దిక్కున, ఎర్ర కొంగులు ఒక పక్కన, పచ్చ కొంగులు మరో పక్కన చేరితేనే కుదురుతుంది. అది నాలుగు భుజాల శిలువ. క్షయకరణ విభజన మొదట్లో ప్రతి క్రోమోజోము తన సమజాతాన్ని ఈ కొస నుంచి ఆ కొస వరకూ జన్యువుకు జన్యువు చొప్పున వెతికి పట్టుకుంటుంది. ముక్కలు మారినా వెతుకులాట ఆగదు. శిలువ ఆ వెతుకులాట ఫలితమే. అమెరికాలో బార్బరా మెక్లింటాక్ 1930లో మొక్కజొన్న కణాల్లో దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది. శిలువ కూడలి ఎక్కడుందో చూసి క్రోమోజోము ఎక్కడ తెగిందో చెప్పగలిగింది.

చిక్కు జత కుదరడంలో లేదు, విడిపోవడంలో ఉంది. నాలుగు క్రోమోజోముల్లో రెండు ఒక కణంలోకి, రెండు మరో కణంలోకి వెళ్లాలి. చీరల లెక్కలోనే చూద్దాం. ప్రతి కణానికీ ఒక ఎర్ర ఒళ్లు, ఒక పచ్చ ఒళ్లు రావడం మామూలు పద్ధతి. ఎర్ర ఒళ్లు రెండున్నాయి, ఒకటి ఎర్ర కొంగుది, ఒకటి పచ్చ కొంగుది. పచ్చ ఒళ్లూ అంతే. కాబట్టి నాలుగు రకాల కణాలు తయారవుతాయి. మొదటి రకంలో మామూలు చీరలు రెండూ ఉంటాయి, లోటు లేదు. రెండో రకంలో కుట్టిన చీరలు రెండూ ఉంటాయి. అక్కడా ఎర్ర కొంగు ఒకటి, పచ్చ కొంగు ఒకటి ఉన్నట్టే కాబట్టి లోటు లేదు. మూడో రకంలో మామూలు ఎర్రచీర పక్కన ఎర్ర కొంగు కుట్టిన పచ్చచీర పడుతుంది. ఎర్ర కొంగు రెండుసార్లు వచ్చింది, పచ్చ కొంగు అసలు లేదు. నాలుగో రకంలో పచ్చ కొంగు రెండుసార్లు వచ్చి ఎర్ర కొంగు లేకుండా పోతుంది. కొంగు అంటే ఇక్కడ వందలాది జన్యువులు. ఎదురెదురు మూలల్లో ఉన్నవి కలిసి వెళితే మంచి కణాలు, పక్కపక్క మూలల్లో ఉన్నవి కలిసి వెళితే చెడిన కణాలు. శిలువ ఏ వైపుకు తిరిగి నిలబడుతుందన్నది చాలావరకు కాకతాళీయం. అందుకే సుమారు సగం సగం.

జంతువులకూ మొక్కలకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. జంతువుల్లో చెడిన శుక్రకణం కూడా చక్కగా ఈదుతుంది, అండాన్ని చేరుతుంది, ఫలదీకరణ చేస్తుంది. శుక్రకణానికి కావలసిన సరంజామా అంతా విభజనకు ముందే చాలామటుకు సిద్ధమై ఉంటుంది, తనలోని క్రోమోజోముల మీద అది ఆధారపడదు. నష్టం తరువాత, పిండం ఎదిగేటప్పుడు బయటపడుతుంది. మొక్కలో పుప్పొడి రేణువు తన జన్యువులతో తానే బతకాలి. లోటున్న రేణువు ముందే ముడుచుకుపోతుంది. ఎసిటోకార్మిన్ రంగు వేస్తే మంచి రేణువులు నిండుగా ఎర్రబడతాయి, చెడినవి ఖాళీ తొక్కల్లా పాలిపోయి ఉంటాయి. మొక్కలో సగం వంధ్యత్వాన్ని అలా పువ్వులోనే లెక్కపెట్టవచ్చు. దోమలో గుడ్లు లెక్కపెట్టాలి.

గుడ్ల తెప్ప చెప్పే తండ్రి ఎవరు

ఆ లెక్కకు క్యూలెక్స్ అనువైన దోమ. ఆడదోమ నీటి మీద వంద నుంచి రెండు వందలకు పైగా గుడ్లను ఒకదానికొకటి అంటించి తెప్పలా పెడుతుంది. ఒక తెప్ప అంటే ఒక తల్లి. ఆడది సాధారణంగా ఒక్క మగదానితోనే జతకడుతుంది కాబట్టి ఒక తండ్రి కూడా. కుంటలోంచి తెప్పను తెచ్చి విడిగా చిన్న గిన్నెలో ఉంచితే ఒకటి రెండు రోజుల్లో డింభకాలు బయటికొస్తాయి. రెండు వందల గుడ్లలో దాదాపు అన్నీ పగిలితే తండ్రి మామూలు దోమ. వంద దగ్గర ఆగితే తల్లిదండ్రుల్లో ఒకరికి స్థానమార్పిడి ఉందని మొదటి అనుమానం.

స్థానమార్పిడి దోమలను మొదట సంపాదించడమూ ఇలాగే. మగదోమలకు ఎక్స్‌కిరణాలో గామా కిరణాలో పెడతారు. కొన్ని కణాల్లో క్రోమోజోములు తెగి, తప్పు కొసలు అతుక్కుంటాయి. వాటి పిల్లల్ని ఒక్కొక్కటిగా జతకట్టించి, ఎవరి తెప్పల్లో సగమే పగులుతున్నాయో చూసి ఆ కుటుంబాలను వేరు చేస్తారు. తరువాత వృషణాలను రంగు వేసి చూస్తే శిలువ గానీ, దాని తరువాతి దశలో నాలుగు క్రోమోజోముల గుండ్రం గానీ కనిపించాలి. గుడ్లు పగలకపోవడానికి వేరే కారణాలు బోలెడు. ఆ రెండో పరీక్ష లేకుండా నిర్ధారణ లేదు.

ఇలాంటి స్థానమార్పిడులతో తెగులు పురుగులను అణచవచ్చని 1940లోనే సోవియట్ శాస్త్రవేత్త సెరెబ్రోవ్‌స్కీ రాశాడు. ఆ ఆలోచన చాలాకాలం మరుగునపడింది. బ్రిటన్‌లో క్రిస్ కర్టిస్ 1968లో స్వతంత్రంగా దాన్ని మళ్లీ లేవనెత్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణకు పరిశోధన కేంద్రం నడిపినప్పుడు కర్టిస్ అక్కడికి వచ్చి పనిచేశాడు. జర్మనీలో మైంజ్ విశ్వవిద్యాలయపు హానెస్ లావెన్‌తో కలిసి బి.ఎస్. కృష్ణమూర్తి ఢిల్లీ క్యూలెక్స్ దోమలకు సరిపడే జాతులను తయారుచేశాడు. వాటిలో పేరుపొందినది IS-31B, ధూల్‌సిరస్‌లో వదిలింది దాన్నే.

ఈ జాతిలోని స్థానమార్పిడి మగలక్షణంతో ముడిపడినది. క్యూలెక్స్‌లో మగతనాన్ని నిర్ణయించేది ఒక క్రోమోజోములోని ఒక్క చోటు. సరిగ్గా ఆ చోటున్న క్రోమోజోమే తెగి మరోదానితో ముక్క మార్చుకుంది. అప్పుడు పై లెక్కలోని మంచి కణాలు రెండింటిలో మామూలు క్రోమోజోములున్నది కూతుర్ని ఇస్తుంది, మారినవి ఉన్నది కొడుకును ఇస్తుంది. కొడుకులందరూ తండ్రిలాగే సగం వంధ్యులు, కూతుళ్లు మామూలు దోమలు. సగం వంధ్యత్వం తండ్రి నుంచి కొడుక్కి వంశపారంపర్యంగా దిగుతుంది. మగతనపు చోటుకూ తెగిన చోటుకూ మధ్య సమజాత క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటే, అంటే వినిమయం జరిగితే, ఈ కట్టు తెగిపోతుంది. కాబట్టి ఆ రెండూ ఎంత దగ్గరుంటే జాతి అంత నమ్మకంగా నిలుస్తుంది.

ధూల్‌సిరస్‌లో అసలు దెబ్బ కొట్టే పని మాత్రం స్థానమార్పిడిది కాదు. ఆ మగదోమల్లో వోల్బాకియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే పొసగనితనం ఉంది. అవి ఊరి ఆడదోమలతో జతకడితే తెప్ప దాదాపు మొత్తం పగలదు. అలాంటప్పుడు స్థానమార్పిడి దేనికి? లక్షల్లో మగదోమలను వేరుచేసేటప్పుడు కొన్ని ఆడదోమలు కలిసిపోక తప్పవు. ఆ ఆడవాటికి తమ జాతి మగవాటితో పొసగుతుంది, ఊరి దోమలు తగ్గేకొద్దీ ఇవి వాటి స్థానంలో పాతుకుపోవచ్చు. వచ్చిన మగవాటిలో స్థానమార్పిడి ఉంటే ఆ కొత్త సంసారాల్లోనూ సగం గుడ్లు పగలవు, కొడుకుల తరంలోనూ పగలవు. కాపలాకు కాపలా అన్నమాట. రెండింటినీ ఒకే జాతిలో కూర్చడం అప్పటికి చాలా ముందుచూపున్న పని, నా దృష్టిలో ఈ ప్రయోగంలో మెచ్చుకోవలసింది అదే.

తెప్పలను లెక్కపెడితే మగదోమలు తమ పని చేశాయని తేలింది, ఊళ్లో పెట్టిన తెప్పల్లో చాలా పగలలేదు. అయినా దోమలు ఆశించినంత తగ్గలేదు. చుట్టుపక్కల పొలాల నుంచి, ఊళ్ల నుంచి అప్పటికే జతకట్టిన ఆడదోమలు ఎగిరివచ్చి ధూల్‌సిరస్ నీళ్లలో గుడ్లు పెట్టాయి. వాటి తెప్పలు నిండుగా పగిలాయి. కర్టిస్ బృందం ఆ ఫలితాలను 1982లో ప్రచురించింది. అంతకుముందే, ఫ్రాన్స్‌లో మోంపెలియే దగ్గర లావెన్ బృందం స్థానమార్పిడి దోమలతో చేసిన తొలి క్షేత్ర ప్రయోగం 1972లో అచ్చయింది.

ఇదే కేంద్రం ఢిల్లీకి ఉత్తరాన, ఇప్పుడు రాజధాని ప్రాంతంలో భాగమైన సోనీపత్‌లో ఏడిస్ దోమ మీద మరో పెద్ద ప్రయత్నానికి సిద్ధమైంది. డెంగ్యూ మోసే దోమ అది. దానికీ మూడే జతలు. ప్రయోగశాలలో ఒకే దోమలో రెండు స్థానమార్పిడులు పెట్టారు. ఒక్కోటి సగం తగ్గిస్తే రెండూ కలిసి లెక్కప్రకారం పావు వంతు గుడ్లే మిగలాలి. ఆడ పిల్లలను తగ్గించే జన్యువును కూడా దానికి జోడించారు. ఈలోగా ఈ పరిశోధన జీవాయుధాల కోసమని పత్రికల్లో ఆరోపణలు వచ్చాయి, పార్లమెంటు కమిటీ దాకా వెళ్లాయి. 1975లో సోనీపత్ ప్రయత్నం ఆగిపోయింది, కేంద్రమూ మూతపడింది. తయారైన జాతులు ఊరి దోమల్లో ఏం చేసేవో ఎవరూ చూడలేకపోయారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

స్థానమార్పిడి రెండు ప్రతుల్లోనూ ఉన్న దోమ బతికితే దానిలో శిలువ రాదు. ఎర్ర ఒళ్లు పచ్చ కొంగుల చీరలు రెండు, పచ్చ ఒళ్లు ఎర్ర కొంగులవి రెండు ఉన్నప్పుడు జంటలుగానే కుదురుతాయి. దాని సంతానానికి లోటు లేదు. మామూలు దోమకూ లోటు లేదు. రెండూ కలిసి కన్న పిల్లలకే లోటు. అంటే ఒక ఊళ్లో ఈ రెండు రకాలూ ఉంటే తక్కువగా ఉన్న రకం నష్టపోతుంది, ఎందుకంటే దాని పెళ్లిళ్లలో ఎక్కువ అవతలి రకంతోనే జరుగుతాయి. కర్టిస్ ఆలోచనకు పునాది ఇదే. మారిన రకాన్ని సగానికి మించి వదిలితే అదే గెలుస్తుంది, దానితో పాటు మనం కట్టిపెట్టిన మంచి జన్యువు, ఉదాహరణకు మలేరియాను మోయలేని గుణం, ఊరంతా పాకుతుంది.

ఎంత వెతికినా దొరకని వలయం

రెండో ఢిల్లీ కథ మలేరియా దోమది. మన పల్లెల్లో మలేరియా మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. సగం కడుపుతో ఉన్న ఆడదోమ అండాశయంలోని కొన్ని కణాల్లో క్రోమోజోములు పదేపదే ప్రతులై, లావెక్కి, అడ్డచారలతో కనిపిస్తాయి. దోమల్లో, ఈగల్లో మామూలు కణాల్లోనూ తల్లి క్రోమోజోము, తండ్రి క్రోమోజోము అతుక్కునే ఉంటాయి. అందుచేత విభజనలో కనబడాల్సిన వలయం ఇక్కడే పెద్దగా కనబడుతుంది.

తల్లి నుంచి వచ్చిన క్రోమోజోములో ఒక ముక్క తలకిందులైతే, తండ్రిది మామూలుగా ఉంటే, జన్యువుకు జన్యువు కలవాలంటే ఒకటి మెలితిరిగి వలయం చేయాలి. 1980లో గ్రీన్, మైల్స్ అనే శాస్త్రవేత్తలు భారత దోమల్లో చారలు చదివారు. కొన్నిటిలో ఎక్స్ క్రోమోజోములోని రెండు ముక్కలు ఒక వరసలో, కొన్నిటిలో తలకిందులుగా ఉన్నాయి. వింత ఏమిటంటే రెండు రకాలూ ఒకే చోట పట్టుబడినా ఒక్క దోమలోనూ వలయం లేదు. ఒకే జాతి అయితే రెండు రకాలూ కలిసి పిల్లల్ని కనాలి, ఆ పిల్లల్లో వలయం కనబడి తీరాలి. అది లేదంటే ఒకదానితో ఒకటి జతకట్టడం లేదని అర్థం. రెండు జాతులు, కళ్లకు ఒకేలా కనిపించేవి. వాటికి ఎ, బి అని పేర్లు పెట్టారు. ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా కె. సుబ్బారావు బృందం ఇదే పద్ధతిలో రెండో క్రోమోజోములోని విలోమాలను చదివి 1983లో మూడో జాతి సి ని చూపించింది. తరువాత డి, ఇ కూడా చేరాయి. ఆ కేంద్రమే ఇప్పుడు ద్వారకలో జాతీయ మలేరియా పరిశోధన సంస్థ. దీని ఉపయోగం పుస్తకాలకు పరిమితం కాదు. బి జాతి ఎక్కువగా పశువుల రక్తం తాగుతుంది, మలేరియాను మోయడంలో బలహీనం. ఒక ఊళ్లో ఉన్నది ఎ నా బి నా అన్నది మందు కొట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

ఒకే జాతి లోపల విలోమం ఉన్నప్పుడు వలయం దొరుకుతుంది, మరి సంతానం ఎందుకు తగ్గాలి? వలయంలోపల వినిమయం జరిగితేనే చిక్కు. విభజనలో క్రోమోజోమును ధ్రువం లాగే చోటైన సెంట్రోమియర్ విలోమంలో లేకపోతే, ఒక్క వినిమయంతో రెండు సెంట్రోమియర్లున్న ఒక క్రోమోజోము, అసలు సెంట్రోమియరే లేని ఒక ముక్క తయారవుతాయి. మొదటిదాన్ని రెండు ధ్రువాలూ చెరో వైపు లాగుతాయి, అది వంతెనలా సాగి తెగుతుంది. రెండోది దారితప్పి పోతుంది. విలోమంలో సెంట్రోమియర్ ఉంటే వంతెన రాదు, ఒక కొస రెండింతలై మరో కొస లేని క్రోమోజోములు వస్తాయి.

ఇంత నష్టం ఉంటే విలోమాలు ప్రకృతిలో బతకకూడదు. కానీ పళ్ల ఈగల్లో అవి విపరీతంగా ఉన్నాయి. ఎందుకో 1936లో జన్యుశాస్త్రవేత్తలు స్టర్టివాంట్, బీడిల్ వివరించారు. ఈ ఈగల్లో మగవాటిలో సాధారణంగా వినిమయమే జరగదు. ఆడవాటిలో నాలుగు కేంద్రకాలు ఒకే వరసలో తయారవుతాయి, కొసనున్న ఒక్కటే అండమవుతుంది. రెండు సెంట్రోమియర్ల క్రోమోజోము లాగుడుపోరులో మధ్యలోనే ఇరుక్కుంటుంది, మంచి క్రోమోజోములు కొసలకు చేరుతాయి. చెడినది ఎప్పుడూ పారేసే కేంద్రకాల్లోకే పోతుంది. ఈగకు గుడ్ల నష్టమే లేదు. విలోమంలోపలి జన్యువులు విడిపోకుండా గుంపుగా కొనసాగడం మాత్రం మిగులుతుంది.

అన్నీ ఒకే గుండ్రంలో

ఢిల్లీ పార్కుల్లో, మేడల కింది పూలమడుల్లో ఒక మొక్క కనబడుతుంది. ఆకు పైన పచ్చగా, అడుగున ఊదారంగుగా ఉంటుంది, ఆకుల మొదట్లో పడవలాంటి రేకుల మధ్య చిన్న తెల్లపూలు పూస్తాయి. దాని పేరు రియో. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ నర్సరీల్లో దొరుకుతుంది. వృక్షశాస్త్రం చదివేవాళ్లు దీని పూమొగ్గను చిదిమి చూసే అవకాశాన్ని వదులుకోకూడదు. దీనికి పన్నెండు క్రోమోజోములు. ఒకదాని కొంగు రెండోదానికి, రెండోదానిది మూడోదానికి అన్నట్టు అన్నీ మారిపోయి ఉన్నాయి. విభజనలో ఒక్క జంట కూడా విడిగా కనబడదు. పన్నెండూ ఒకే గుండ్రం, ఒక లంకె ఊడితే ఒకే గొలుసు.

ఈ గుండ్రం నుంచి మంచి పుప్పొడి రావాలంటే క్రోమోజోములు ఒకటి విడిచి ఒకటి చొప్పున అటూ ఇటూ పోవాలి. వరస ఎక్కడ తప్పినా రేణువు చెడుతుంది. అందుకే రియో పుప్పొడిలో పెద్ద భాగం ఖాళీ తొక్కలే. సక్రమంగా విడిపోయినవి ఎప్పుడూ రెండే గుంపులు. ఒక్కో గుంపులోనూ రెండు ప్రతులైతే చంపే జన్యువులున్నాయి కాబట్టి ఒకే గుంపు రెండుసార్లు కలిసిన విత్తనం బతకదు. ప్రతి తరమూ రెండు గుంపుల కలయికే, ప్రతి తరమూ గుండ్రమే. ఈనోథెరా మొక్కల్లో కొన్నిటికి పద్నాలుగు క్రోమోజోములూ ఒకే గుండ్రంగా ఉంటాయి. జంతువుల్లో ఇంత పొడవు గొలుసంటే ఆస్ట్రేలియా ప్లాటిపస్‌ను చెప్పుకోవాలి. మగ ప్లాటిపస్‌లో లింగ క్రోమోజోములే పది, ఐదు ఎక్స్‌లు, ఐదు వై‌లు, వరసగా ఒకదానికొకటి లంకె వేసుకుని నిలబడతాయి. అవి ఒకటి విడిచి ఒకటిగా అంత కచ్చితంగా విడిపోతాయి కనుకనే దానికి సంతానలోపం లేదు. గుండ్రమో గొలుసో ఉండటం నష్టం కాదు, అది విడిపోయే తీరులోనే నష్టముంది.

మనుషుల్లో అతి సున్నితమూ అతి కఠినమూ

మనిషిలో స్థానమార్పిడి అరుదు కాదు. సుమారు ఐదారు వందల మందిలో ఒకరు రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారైన వాహకులు. మళ్లీ మళ్లీ గర్భస్రావమయ్యే దంపతుల్లో నూటికి మూడు నుంచి ఐదు జంటల్లో ఎవరో ఒకరికి ఇలాంటి మార్పు దొరుకుతుంది. మనిషిలో దోమలా కచ్చితంగా సగమని చెప్పడం కష్టం. శిలువ భుజాల పొడవుల్ని బట్టి, తెగిన చోట్లను బట్టి కుటుంబానికి ఒక లెక్క ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా, తారుమారైన ముక్కలు చాలా పెద్దవైతే లోటున్న పిండం తొలి వారాల్లోనే నిలవదు, కాబట్టి లోపంతో బిడ్డ పుట్టే అవకాశం తక్కువ, గర్భస్రావాలు ఎక్కువ. ముక్కలు చిన్నవైతే గర్భం నిలుస్తుంది, బిడ్డ లోపంతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది.

కొందరు పురుషుల్లో కథ అంతదాకా పోదు. తెగిన చోటు దగ్గర జత కుదరక మిగిలిపోయిన భాగాన్ని కణం పసిగట్టి విభజననే ఆపేస్తుంది. అప్పుడు శుక్రకణాల సంఖ్య పడిపోతుంది, భార్య గర్భం దాల్చదు. పిల్లలు లేని మగవారికి వీర్యపరీక్షతో పాటు క్రోమోజోము పరీక్ష రాస్తున్నారంటే కారణం ఇది.

అతి కఠినమైనది ఇరవై ఒకటో క్రోమోజోములు రెండూ ఒకదానికొకటి అంటుకుపోయిన రకం. ఆ అంటుకున్న క్రోమోజోము కణంలోకి వస్తే బిడ్డకు ఇరవై ఒకటోది మూడు ప్రతులు, రాకపోతే ఒక్కటే. మొదటిది డౌన్ సిండ్రోమ్, రెండోది నిలవదు. పుట్టే ప్రతి బిడ్డకూ డౌన్ సిండ్రోమే. పద్నాలుగోది, ఇరవై ఒకటోది అంటుకుంటే పరిస్థితి ఎంతో మెరుగు. తల్లి వాహకురాలైతే డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం నూటికి పది పదిహేను, తండ్రి అయితే ఒకటి చుట్టుపక్కల. సున్నితమైన కొసన తొమ్మిదో క్రోమోజోములో సెంట్రోమియర్ చుట్టూ ఉండే విలోమం ఉంది. నూరు మందిలో ఒకరిద్దరికి కనబడుతుంది, తలకిందులైన భాగంలో పనిచేసే జన్యువులు లేనట్టే, అక్కడ వినిమయమూ దాదాపు జరగదు. అది రిపోర్టులో చూసి కంగారుపడే దంపతులు చాలామంది. దాన్ని మామూలు భేదంగానే వైద్యులు లెక్కిస్తారు.

సంబంధం లేని కుటుంబాల్లో మళ్లీ మళ్లీ అదే చోట తెగి అదే చోట అతికే స్థానమార్పిడి ఒకటుంది. రిపోర్టులో అది ఇలా కనబడుతుంది: 46,XX,t(11;22)(q23;q11). అంటే నలభై ఆరు క్రోమోజోములు, స్త్రీ, పదకొండు ఇరవైరెండు క్రోమోజోముల పొడవు భుజాల కొసలు తారుమారయ్యాయి. ఇందులో మామూలుగా వచ్చే రెండు రెండు పంపకం కాకుండా మూడు ఒకటి పంపకం ఇబ్బంది పెడుతుంది. బిడ్డకు నలభై ఆరు బదులు నలభై ఏడు వస్తాయి, మారిన ఇరవైరెండోది అదనంగా చేరుతుంది.

పరీక్ష తేలికే, రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. తెల్లకణాలను సుమారు మూడు రోజులు పెంచి, విభజన మధ్యలో ఆపి, చారలు వచ్చేలా రంగు వేసి చూస్తారు. గర్భస్రావాల తరువాత దంపతులిద్దరూ చేయించుకోవాలి, వాహకులు ఎవరైనా కావచ్చు కాబట్టి. ఒక విషయం గుర్తుంచుకుంటే డబ్బు వృథా కాదు. ఖరీదైన మైక్రోఅరే పరీక్ష క్రోమోజోముల్లో హెచ్చుతగ్గులను మాత్రమే కొలుస్తుంది. స్థానమార్పిడి వాహకుల్లో హెచ్చూ లేదు తగ్గూ లేదు, చోటు మాత్రమే మారింది. ఆ పరీక్ష వాళ్లకు అంతా సవ్యమనే చెబుతుంది. దంపతుల రక్తానికి పాత పద్ధతి క్యారియోటైప్ కావాలి, గర్భస్రావమైన పిండపు కణజాలానికి మైక్రోఅరే పనికొస్తుంది.